‘పంపండి’లోని ‘అండి’ ఎక్కడ జారిపోయింది? ఒక కేస్ స్టడీ

పదకొండేళ్లుగా హైదరాబాదులో ఉద్యోగులకు ఆఫీసు ఇంగ్లిష్ నేర్పుతున్నాను. నా దగ్గరకు వచ్చేవారి వ్యాకరణం చాలావరకు బాగానే ఉంటుంది. ఇబ్బంది మరోచోట ఉంటుంది. వాళ్లు రాసిన వాక్యంలో తప్పు కనబడదు, చదివిన మనిషి మాత్రం నొచ్చుకుంటాడు. అలాంటి ఒక కేసును ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నేను వేసిన తప్పటడుగు ఒకటి ఉంది, దాన్నీ దాచడం లేదు. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు, సంస్థ, ఊరు, గుర్తుపట్టడానికి వీలైన మరికొన్ని వివరాలు వదిలేశాను.

నేపథ్యం

ఆమెకు ముప్ఫై లోపు వయసు. కోస్తా జిల్లాలో పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివింది. ఒక బీమా సంస్థ లెక్కలు చూసే బ్యాక్ ఆఫీసులో నాలుగేళ్లుగా పని చేస్తోంది. ప్రతి నెలాఖరున లండన్‌లోని సహోద్యోగి ఒక ఎక్సెల్ ఫైలు పంపాలి. అది వస్తేనే ఆమె ఇక్కడి లెక్కలతో సరిపోల్చి ఆ నెల ఖాతా మూసేయగలదు. శీతాకాలంలో మనకూ లండన్‌కూ ఐదున్నర గంటల తేడా. అక్కడ మధ్యాహ్నం 2 గంటలైతే ఇక్కడ రాత్రి 7:30. ఫైలు అంతకన్నా ఆలస్యమైతే ఆమె ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది.

ఆ సహోద్యోగి ఆమెకు పై అధికారి కాడు, కింద పనిచేసేవాడూ కాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు వీడియోలో రెండు మూడుసార్లు చూసుకున్నారంతే. మిగిలినదంతా చాట్, ఈమెయిలు. ఈ వివరం ముందే చెప్పడానికి కారణం ఉంది. గొంతు వినబడని చోట వాక్యం ఒక్కటే మనిషి తరఫున మాట్లాడుతుంది.

వచ్చిన సమస్య

అర్ధ సంవత్సర సమీక్షలో లండన్ మేనేజరు ఆమె పనిని మెచ్చుకుంటూనే, సందేశాలు ‘అబ్రప్ట్’గా ఉంటున్నాయని రాశాడు. దురుసుగా, తలుపు తట్టకుండా లోపలికి వచ్చినట్టుగా ఉంటున్నాయని ఆ మాటకు అర్థం. ఆమె ఆ కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

“మేడం, మా ఆఫీసులో అటెండరును కూడా నేను గారు అనే పిలుస్తాను. నన్ను మర్యాద లేనిదాన్నంటే ఎలా తట్టుకోను?” అని అడిగింది.

ఆమె బాధ నిజమైనదే. సమీక్ష రాసిన మనిషికీ అబద్ధం రాయవలసిన అవసరం లేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారంటే మర్యాద ఆమె దగ్గర బయలుదేరి దారిలో ఎక్కడో జారిపోతోందన్నమాట. ఎక్కడ జారుతోందో కనిపెట్టడమే నా పని అనుకున్నాను.

ముందు ఏం చూశాను

మూడు నెలల సందేశాల్లోంచి, ఏదో ఒకటి అడుగుతూ ఆమె రాసిన వాటిని 40 దాకా తీయించాను. ప్రతిదానికీ వచ్చిన జవాబు పక్కనే పెట్టించాను. అడిగిన వాక్యాన్ని ఒంటరిగా చూసి తీర్పు చెప్పకూడదన్నది నా పద్ధతి. అది మొరటుగా తాకిందో లేదో జవాబు తీరులో తెలుస్తుంది.

అందులో ‘సెండ్ మీ ద ఫైల్’ అన్న వాక్యం చాలాసార్లు ఉంది. ఆశ్చర్యం ఏమిటంటే కొన్ని చోట్ల అది ఎవరినీ నొప్పించలేదు. ఒకరోజు ఆ సహోద్యోగే “ఫైలు పంపనా, లింకు పంపనా?” అని అడిగాడు. ఈమె ‘సెండ్ మీ ద ఫైల్’ అంది. అతను నవ్వు బొమ్మతో వెంటనే పంపాడు. అక్కడ అది ఆజ్ఞ కాదు, అడిగినదానికి జవాబు.

మరొక రోజు అదే వాక్యం లండన్‌లో ఉదయం 9 గంటలకు, పలకరింపు లేకుండా, ఆ రోజు మొదటి సందేశంగా వెళ్లింది. చివర త్వరగా కావాలన్న అర్థంలో ‘ఏఎస్ఏపీ’ అన్న నాలుగు అక్షరాలు ఉన్నాయి. జవాబు రెండు గంటల తర్వాత ‘నోటెడ్’ అన్న ఒక్క మాటగా వచ్చింది. అంతకుముందు అతను ఎప్పుడూ అంత పొడిగా రాయలేదు. ఆ ‘నోటెడ్’ దగ్గర నేను పెన్సిలుతో గీత గీశాను.

కాబట్టి క్రియను నేరుగా వాడడమే తప్పు అనుకుంటే పొరపాటు. మనం ఇంటికి వచ్చినవారిని “రండి, కూర్చోండి, ఇంకొంచెం వడ్డించుకోండి” అని వరసగా ఆజ్ఞాపిస్తాం. ఇంగ్లిష్‌లోనూ కుర్చీ చూపించి కూర్చోమన్నా, పళ్లెం ముందుకు జరిపి తీసుకోమన్నా మర్యాదే. లాభం వినేవారిదైనప్పుడు ఆజ్ఞ నొప్పించదు. లాభం అడిగేవారిదీ శ్రమ వినేవారిదీ అయినప్పుడు అదే ఆజ్ఞ బరువెక్కుతుంది. ఈ బరువును పెనెలొపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే భాషావేత్తలు మూడు కొలతలతో చూశారు. ఇద్దరి మధ్య ఉన్న దూరం, ఒకరిపై ఒకరికి ఉన్న అధికారం, అడిగే పని ఎంత పెద్దదన్నది. ఈమె విషయంలో దూరం ఎక్కువ, అధికారం లేదు, పని చిన్నదే అయినా ప్రతి నెలా అడగవలసినది. అధికారం లేనిచోట అధికారం ఉన్నవారి వాక్యం వాడినట్టు అవతల వినబడింది.

మొదటి ప్రయత్నం: ‘ప్లీజ్’

నా దగ్గరకు రాకముందే ఆమె ఒక మందు వేసి చూసింది. సమీక్ష చదివిన మర్నాటి నుంచి ప్రతి వాక్యానికీ ముందు ‘ప్లీజ్’ చేర్చింది. కొన్నిటికి ‘కైండ్లీ’ కూడా. జవాబులు మారలేదు. ఒకటి రెండు ఇంకా పొడిబారాయి.

ఇది మనవాళ్లకు నమ్మడం కష్టం. మన దేశపు ఆఫీసు ఇంగ్లిష్‌లో ‘కైండ్లీ’ అంటే “దయచేసి”, ఎంతో వినయమైన మాట. ఈనాటి బ్రిటిష్ చెవికి అది పాతకాలపు నోటీసు బోర్డులా, కొంత కటువుగా వినబడుతుంది. బాకీ కట్టమని వచ్చే ఉత్తరాల్లో ఉండే మాట అది. ఇక ‘ప్లీజ్’ సంగతి. ‘ప్లీజ్ సెండ్ మీ ద ఫైల్’ అన్నప్పుడు కూడా లోపల ఉన్నది ఆజ్ఞే. వినేవారికి “కుదరదు” అనడానికి చోటు అందులో లేదు. అడిగే హక్కు ఉన్నవారు, అంటే బడిలో పంతులమ్మ, విమానంలో సిబ్బంది వాడే వాక్యం అది. మంచి మాటే, కానీ వాళ్ల స్థానం నుంచి. అదే ‘ప్లీజ్’ను ప్రశ్న చివర పెడితే చక్కగా ఒదుగుతుంది, ఎందుకంటే అక్కడ చోటు ఇచ్చే పని ప్రశ్న చేసేసింది.

మరో చిన్న మాట కూడా ఈ దశలోనే బయటపడింది. ఆమె చాలా వాక్యాల చివర ‘వన్స్’ అని రాసేది. ‘చెక్ వన్స్’, ‘సెండ్ వన్స్’. “ఒకసారి చూడండి” అనడంలోని ‘ఒకసారి’ అది. మన ‘ఒకసారి’ లెక్క చెప్పదు, అడిగిన పనిని చిన్నదిగా చేసి చూపుతుంది. ఇంగ్లిష్ ‘వన్స్’కు ఆ పని రాదు, అది లెక్కే చెబుతుంది. ఒక సందేశానికి ఆ సహోద్యోగి, ఒకేసారి పంపితే చాలా, ప్రతి నెలా అక్కర్లేదా అని నిజంగానే అడిగాడు. ఆమె మెత్తదనం కోసం పెట్టిన మాటే అయోమయం తెచ్చింది.

రెండో ప్రయత్నం, నేను చేసిన పొరపాటు

ఆజ్ఞను తీసేసి ప్రశ్న పెట్టాలని నాకు తెలుసు. నెలాఖరు దగ్గర పడుతోంది. ఆమెకు నమ్మకం కలగాలంటే త్వరగా ఫలితం కనబడాలనుకున్నాను. అందుకని బాగా మెత్తని నమూనా వాక్యం ఒకటి ఇచ్చాను. తెలుగులో దాని అర్థం దాదాపు ఇలా ఉంటుంది: “మీకు ఎప్పుడైనా కాస్త తీరిక దొరికితే, వీలుంటే, ఆ ఫైలు పంపగలరేమో అని అనుకుంటున్నాను.”

ఆమె దాన్ని అక్షరం మార్చకుండా పంపింది. తియ్యని జవాబు వచ్చింది. ఫైలు మాత్రం మర్నాడు వచ్చింది. ఆ నెల ఖాతా ఒక రోజు ఆలస్యంగా మూతపడింది, దానికి ఆమె తన టీమ్ లీడ్‌కు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

అతని తప్పేమీ లేదు. తీరిక దొరికినప్పుడు అని రాస్తే తీరిక దొరికినప్పుడే పంపాడు. నేను రెండు వేరు వేరు వస్తువులను ఒకే నీళ్లలో నానబెట్టాను. అడిగే తీరు మెత్తబడాలి, గడువు మెత్తబడకూడదు. ఈ తేడా నాకు తెలియనిది కాదు. తొందరలో ఆమె పని ఎలా సాగుతుందో అడగకుండా వాక్యం ఇచ్చేశాను. లండన్ మధ్యాహ్నం 2 గంటల గడువు గురించి అప్పుడు నాకు తెలియదు, ఎందుకంటే నేను అడగలేదు.

ఇంకొక నష్టం కూడా జరిగింది. ఆ మెత్తని వాక్యాన్నే ఆమె పక్క కుర్చీలో కూర్చునే స్నేహితురాలికీ ఇంగ్లిష్ చాట్‌లో పంపింది. ఆ అమ్మాయి లేచి వచ్చి “నా మీద కోపమా?” అని అడిగిందట. రోజూ నువ్వు అని పిలిచే మనిషి ఉన్నట్టుండి “తమరు పంపగలరా” అంటే మనకూ గుండె ఝల్లుమంటుంది. దగ్గరివారి మధ్య అతి మర్యాద దూరం పెట్టినట్టు అవుతుంది. వాళ్లిద్దరి మధ్య ‘సెండ్ మీ ద ఫైల్’ అన్న వాక్యమే సరైనది.

పనిచేసినది

నమూనా వాక్యాలు పక్కన పెట్టాను. ఈసారి ఆమెను ఇంగ్లిష్ మాట్లాడనివ్వలేదు.

“మీ పక్క విభాగంలో, పెద్దగా పరిచయం లేని ఒక పెద్దమనిషి దగ్గర అదే ఫైలు ఉందనుకోండి. ఆయన్ని తెలుగులో అడగండి” అన్నాను.

ఆమె ఆలోచించకుండానే అంది: “సార్, ఆ నవంబరు ఫైలు కొంచెం రెండింటిలోగా పంపుతారా? ఈ రాత్రికి ఖాతా మూసేయాలండీ.”

దాన్ని బోర్డు మీద రాసి ఇద్దరం కలిసి విడదీశాం. మొదట పలకరింపు ఉంది. ‘పంపండి’ అనలేదు, ‘పంపుతారా’ అని ప్రశ్నగా అడిగింది. ‘కొంచెం’ ఉంది. అది ఫైలు కొలత కాదు, కష్టం తక్కువేనని చెప్పే మాట. గడువు సూటిగా ఉంది. ఆ గడువు ఎందుకో కారణం ఉంది. చివర ‘అండీ’ ఉంది. నేను నెల రోజులుగా నేర్పాలని చూస్తున్నదంతా ఆమె నోట్లోనే ఉంది.

“మరి ఇంగ్లిష్‌లో ఇవన్నీ ఎందుకు వదిలేశారు?” అని అడిగాను.

“పంపండి అంటే సెండ్ అనే కదా మేడం బడిలో చెప్పారు” అంది.

అదే సంగతి. తెలుగు క్రియకు ‘పంపు’ అని ఒక రూపం, ‘పంపండి’ అని మరొక రూపం ఉన్నాయి. మర్యాద క్రియ చివరే అతుక్కుని ఉంటుంది. ఇంగ్లిష్ క్రియకు ఆ తోక లేదు. ఒకప్పుడు వాళ్లకూ నువ్వుకు ‘దౌ’, మీరుకు ‘యూ’ ఉండేవి. ‘దౌ’ కొన్ని శతాబ్దాల కిందటే మామూలు వాడుకలోంచి పోయింది. ఆమె మనసులో ‘పంపండి’ అనుకుని ‘సెండ్’ అని రాసినప్పుడు ‘అండి’ కాగితం మీదకు రాలేదు. అవతలివాళ్లు చదివినది ‘పంపు’. ఇలాంటి పొరపాటును జెన్నీ థామస్ అనే భాషావేత్త 1983లో రెండు రకాలుగా విడదీశారు. సమాజంలో ఏది తగునో తెలియకపోవడం ఒకటి, తగినదేదో తెలిసినా దాన్ని పరభాషలో ఏ రూపంలో చెప్పాలో తెలియకపోవడం మరొకటి. ఈమెది కచ్చితంగా రెండోది. ఈ విభజన ఆమెకు చెప్పినప్పుడు ఆమె ముఖం తేటపడింది. తన పెంపకాన్ని ఎవరూ తప్పు పట్టడం లేదని అప్పుడు నమ్మింది.

తర్వాత ఒక్కొక్క ముక్కకూ ఇంగ్లిష్‌లో చోటు వెతికాం. ‘పంపుతారా’కు ‘కుడ్ యు సెండ్’ సరిపోయింది. ‘కెన్ యు’ కూడా తప్పు కాదు, బాగా పరిచయమైన వారితో అదే హాయి. పరిచయం తక్కువైతే ‘కుడ్’ ఒక అడుగు వెనక్కు వేసి నిలబడుతుంది. ‘కొంచెం’కు మాటకు మాట లేదు, వెతకవద్దన్నాను. దాని పని ప్రశ్న, కారణం కలిసి చేసేస్తాయి. గడువును లండన్ సమయంలోనే చెప్పమన్నాను, లెక్క వేసుకునే శ్రమ మన వైపే ఉండాలి కాబట్టి. ‘ఏఎస్ఏపీ’ని పూర్తిగా తీయించాను. అది తొందరను చెబుతుంది కానీ సమయాన్ని చెప్పదు. 2 గంటలు అన్న అంకె సమయం చెబుతుంది, తొందరపెట్టదు.

ఆమె చివరకు పంపిన సందేశం తెలుగులో చెబితే ఇది: “శుభోదయం. నవంబరు ఫైలు మీ సమయం ప్రకారం 2 గంటలలోగా పంపగలరా? ఈ రాత్రి ఖాతా మూసేయడానికి అది కావాలి. అప్పటికి కుదరకపోతే చెప్పండి, ఉన్న షీట్లతో మొదలు పెడతాను.” ఇంగ్లిష్‌లో నాలుగు చిన్న వాక్యాలు. ఆఖరి వాక్యం ఆమె సొంతంగా చేర్చినది. కాదనడానికి నిజమైన చోటు ఇచ్చింది అదే. పైగా అతను కుదరదంటే ఆమెకు ముందే తెలుస్తుంది, రాత్రి ఎదురుచూడనక్కరలేదు.

ఆ రోజు ఫైలు లండన్‌లో ఒంటిగంటన్నరకే వచ్చింది. తర్వాతి రెండు నెలాఖరులూ గడువులోపే వచ్చాయి. మూడోసారి అతనే ముందుగా, ఈసారి ఎన్ని గంటలకు కావాలని అడిగాడు.

రెండో వైపు

ఆమె అనుమతితో లండన్ మేనేజరుతో అరగంట మాట్లాడాను. తెలుగులో మర్యాద క్రియ చివర ఉంటుందని, అది అనువాదంలో రాలిపోతుందని చెప్పాను. ఆయన ఆసక్తిగా విన్నాడు. తర్వాత ఆయన ఇబ్బంది ఒకటి చెప్పాడు. ఫలానా వరుసలోని అంకెను ‘మీరు ఒకసారి చూడాలనుకోవచ్చు’ అన్న అర్థంలో ‘యు మైట్ వాంట్ టు లుక్’ అని రాస్తే ఆమె రెండుసార్లు పట్టించుకోలేదట.

నేను ఆమెను అడిగాను. “చూడాలనుకుంటే చూడమన్నారు మేడం, నాకు అవసరం అనిపించలేదు” అంది. ఆయన రాసినది ఆజ్ఞ. ఆమె చదివినది సలహా. ఒకే గోడకు ఇద్దరూ చెరో వైపు గుద్దుకున్నారు. ఆమె నేరు మాట ఆయనకు దురుసుగా వినబడితే, ఆయన మెత్తని మాట ఆమెకు ఐచ్ఛికంగా వినబడింది. సమీక్షలో మాత్రం ఒక వైపే నమోదైంది. ఈ కేసులో నన్ను ఇప్పటికీ కలచివేసేది ఇదే. నేర్చుకోవలసిన భారం ఎప్పుడూ ఇటువైపే పడుతోంది. తప్పనిసరిగా చేయవలసిన పనికి ‘మైట్’ వాడవద్దని, గడువు రాయమని ఆయనను కోరాను. ఆయన ఒప్పుకుని తన జట్టులో అందరికీ అదే చెప్పాడు.

ఎంతవరకు పనికొస్తుంది

ఈ పద్ధతి బ్రిటిష్ సహోద్యోగులతో కుదిరింది. ప్రశ్నగా అడగడమే మర్యాద అన్నది ఇంగ్లిష్ అలవాటు, అన్ని భాషలదీ కాదు. పోలిష్‌లో మామూలు కోరికకు ఆజ్ఞా రూపం సహజమని, ఇంగ్లిష్ తరహా ప్రశ్నలు అక్కడ అతకవని అన్నా వెజ్‌బీట్‌స్కా అనే భాషావేత్త 1985లోనే చూపించారు. అందువల్ల కొత్త జట్టుతో పని మొదలైతే మొదటి వారం వాళ్లు ఒకరినొకరు ఎలా అడుగుతున్నారో చూసి, అంతే మెత్తగా రాయమని చెబుతాను. కంప్యూటర్ వ్యవస్థ మొత్తం ఆగిపోయినప్పుడు, ఎవరికైనా ప్రమాదం జరిగినప్పుడు, పని జాబితాలోని అంశాలకు నేరు క్రియే సరి. అక్కడ ‘కుడ్ యు’ అడ్డం వస్తుంది.

ఇదే చివరిది అనుకున్న సమావేశంలో ఆమె ఒక ప్రశ్న వేసింది. “ఇంత చక్కగా అడిగినా పంపకపోతే, మేడం? మళ్లీ అదే మెత్తగా అడగాలా?”

మొదటి గుర్తుచేయింపులో ప్రశ్న అలాగే ఉంచి, మిగిలిన సమయం చెప్పమన్నాను: ఇంకో గంటలో నేను మొదలు పెట్టాలి, ఫైలు దారిలో ఉందా అని. రెండోసారి రాత రాయవద్దన్నాను. రెండు సందేశాలకు జవాబు లేదంటే మూడోది ఎంత మెత్తగా ఉన్నా నిలదీసినట్టే కనబడుతుంది. ఫోను చేయాలి. ఫోనులో గొంతు ఉంటుంది, రాతలో రాలిపోయిన ‘అండి’ అందులో వినబడుతుంది. ఆమెకు ఫోను చేయడమంటే భయం. మా తర్వాతి నాలుగు సమావేశాలూ దానికే పెట్టుకున్నాం.